చందా పుస్తకాలు నీ చేతికొచ్చాక

చి. అమ్ములుకి, నాన్న ఆశీస్సులు.

మీ వీధి వినాయకుడి కమిటీలో ఈ ఏడు డబ్బు లెక్కలు నీకప్పగించారని అమ్మ చెప్పింది. నిరుడు ఇంటికి పన్నెండొందలు తీసుకున్నాం కాబట్టి ఈసారి పదిహేనొందలు అందామని మీవాళ్లు అంటున్నారట. అంకె అక్కడ మొదలవకూడదు తల్లీ. ముందు ఖర్చు కాగితం మీద పడాలి, దాన్నుంచి ఇంటికెంతో తేలాలి.

నువ్వు ఫోనులో చెప్పిన ధరలే తీసుకుందాం. మట్టి విగ్రహం 16,000, మండపం, షామియానా కలిపి 20,000, లైట్లు, మైకు సెట్టు 14,000, పంతులుగారి సంభావన, పూజాసామగ్రి 15,000, తొమ్మిది రోజుల ప్రసాదాలు 9,000, నిమజ్జనం రోజు బండి, మేళం, పూలు 18,000. మొత్తం 92,000. నిరుటి నిల్వ బ్యాంకులో 8,000 ఉంది కాబట్టి వీధిలోంచి రావలసింది 84,000.

మీ వీధిలో అరవై ఇళ్లు. అరవైతో భాగిస్తే ఇంటికి 1,400 వస్తుంది. చాలామంది కోశాధికార్లు ఇక్కడే ఆగిపోయి, నిమజ్జనానికి ముందురోజు రెండో విడత చందాకి బయలుదేరతారు. అరవై గుమ్మాలున్నంత మాత్రాన అరవై చందాలు రావు. రెండిళ్లలో ఏటిసూతకం ఉంది, ఆ ఇళ్లకు వెళ్లి అడగకూడదు. మూడు కుటుంబాలు వేరే మతం వాళ్లు. వాళ్లంతట వాళ్లు ఇస్తే సంతోషంగా తీసుకోండి, లెక్కలో మాత్రం వేసుకోవద్దు. ఒక ఇంట్లో సంపాదించే మనిషి మంచానపడ్డాడని నువ్వే చెప్పావు. ఆ ఇంటిని జాబితాలోంచి తీసేసిన సంగతి నీకూ అధ్యక్షుడికీ తెలిస్తే చాలు. మిగిలినవి 54. 84,000ని 54తో భాగిస్తే 1,555 చిల్లర. 1,600 పెట్టండి. అందరూ ఇస్తే 86,400 వస్తుంది, పైనున్న 2,400 అనుకోని ఖర్చుకి ఉంటుంది.

అద్దె ఇళ్ల విషయంలో ఏటా వాదన వస్తుంది. చందా ఆ ఇంట్లో కాపురం ఉన్నవాళ్లది. ఊళ్లో లేని యజమాని ఏమైనా ఇస్తే అది విరాళం, వేరే రసీదు. రెండూ కలిపితే ఒకే ఇంటిపేరు మీద రెండుసార్లు జమ కనిపించి, ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో తెలియదు.

అన్నదానం ఖర్చు ఈ 92,000లో కలపలేదు, గమనించావా? దాన్ని ఇళ్లకు పంచితే, ఇంట్లో ఒక్కరే ఉన్న ముసలమ్మకీ ఎనిమిదిమంది ఉన్న ఇంటికీ ఒకే రేటు ఏమిటన్న మాట వస్తుంది. పోనీ తలకింత అంటే అది దానమే కాదు, దారిన పోయేవాడికి ఎవరు కడతారు? దాతలతోనే నడపండి. ఒకరు బియ్యం, ఒకరు కందిపప్పు, ఒకరు నూనె. వాటిని కిలోల్లో, డబ్బాల్లో వేరే పుస్తకంలో రాయి, రూపాయల్లోకి మార్చకు. మార్చావంటే "నేను బస్తా బియ్యం ఇచ్చాను, చందాలో తగ్గించండి" అని అడిగేవాళ్లకు నువ్వే దారి చూపించినట్టు. ఒకరికి తగ్గిస్తే లైట్లవాడికి ఇవ్వాల్సిన డబ్బులో అంత కోత పడుతుంది. లైట్లవాడు బియ్యం తీసుకోడు కదా.

ఇక వసూలు. పాతిక రసీదుల పుస్తకాలు మూడు, నంబర్లు 1 నుంచి 75 దాకా వరసగా అచ్చువేయించు. ఏ పుస్తకం ఎవరికిచ్చావో రాసి సంతకం తీసుకో. డబ్బు చేతికి రాకుండా రసీదు రాయవద్దని వసూలుకి వెళ్లేవాళ్లకు గట్టిగా చెప్పు. "రేపిస్తాను, రాసేయండి" అన్న మాట దగ్గరే సగం తేడాలు పుడతాయి. తప్పు రాసిన రసీదు చించి పారేయకూడదు, "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. నకలు మీద నగదా, ఫోన్‌పేనా అన్నది తప్పక ఉండాలి. వసూలైన నగదు మొత్తం నీ దగ్గరికే రావాలి. దార్లో ఎవరైనా అందులోంచి షామియానా వాడికి అడ్వాన్సు ఇచ్చి మిగిలింది తెచ్చిస్తే, ఆ పూట జమా తప్పుతుంది, ఖర్చూ తప్పుతుంది.

రోజూ రాత్రి మూడు అంకెలు పక్కపక్కన పెట్టు: నకళ్ల మొత్తం, బ్యాంకులో పడింది, పెట్టెలో నగదు. ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను. నకళ్లు 52, అందులో ఒకటి రద్దు, కాబట్టి 51 చందాలు. 81,600 ఉండాలి. బ్యాంకులో 49,600, పెట్టెలో 28,800, కలిపితే 78,400. తేడా 3,200. కంగారుపడి నోట్లు మళ్లీ మళ్లీ లెక్కపెట్టకు, ముందు తేడాని చూడు. అది సరిగ్గా రెండు చందాలు. అంటే రెండు రసీదుల డబ్బు ఎక్కడో ఆగిందని అనుమానించాలి. ఇప్పుడు నకళ్లను రెండు కుప్పలు చెయ్యి. నగదువి 18, పెట్టెలోనూ పద్దెనిమిది చందాలే ఉన్నాయి, అక్కడ సరిపోయింది. ఫోన్‌పేవి 33, బ్యాంకులో 31. వెతకాల్సింది ఆ 33లోనే. బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక్కొక్క జమకూ ఎదురుగా రసీదు నంబరు వేస్తూ పో, మిగిలిపోయిన రెండూ బయటపడతాయి. ఇలాంటివి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి, ఇచ్చినాయన స్క్రీన్‌షాట్ చూపించాడు, అందులో చెల్లింపు ఇంకా పూర్తికాలేదు, తర్వాత వెనక్కి పోయింది. రెండోది, వసూలుకి వెళ్లిన కుర్రాడి సొంత నంబరుకి పంపారు. అందుకే స్క్రీన్‌షాట్‌ని రసీదుకి ఆధారంగా తీసుకోవద్దు, ఖాతాలో కనపడాలి.

తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగమైతే అంకెలు తారుమారయ్యాయేమో చూడు. 1,600ని 6,100 అని ఎక్కిస్తే 4,500 తేడా వస్తుంది, అది తొమ్మిదితో పోతుంది.

ఇవ్వని ఇళ్ల పేర్లు గ్రూపులో పెట్టమని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకు. అందిన రసీదు నంబర్లు, మొత్తం పెట్టు. ఎవరి నంబరు లేకపోతే వాళ్లే వచ్చి అడుగుతారు, తప్పు అక్కడే తెలుస్తుంది. ఇంకా ఇవ్వని ఇళ్లకు నువ్వు స్వయంగా వెళ్లు.

లడ్డూ వేలం డబ్బును ఈ ఏటి ఖర్చుకి లెక్కేసుకోవద్దు. బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలకు పాడిన దగ్గర్నుంచి ఆ ఆనవాయితీ వీధివీధికీ పాకింది. చాలాచోట్ల పాట పాడినవాళ్లు మరుసటి ఏడు పండక్కి ముందు కడతారు. కట్టేదాకా అది "రావలసినవి" కింద పేరుతో సహా ఉండాలి, నిల్వలో కలవకూడదు.

నిమజ్జనం రోజు డబ్బు ఎక్కువగా జారుతుంది. బండి డ్రైవరుకి బత్తా, టిఫిన్లు, రంగులు, మేళంవాళ్లు ఇంకో గంట వాయిస్తే అదనం, అన్నీ రోడ్డు మీద చేతి డబ్బులే. ఒక్కరి చేతికి 5,000 ఇచ్చి సంతకం తీసుకో. ఇచ్చిన ప్రతిదానికీ చీటీ రాయమను. మర్నాడు చీటీలూ మిగిలిన నగదూ కలిపి 5,000 అవ్వాలి. వాళ్లకు నిద్ర తీరగానే ఈ పని పూర్తిచెయ్యి, మూడు రోజులు గడిస్తే ఎవరికెంతిచ్చారో ఎవరికీ గుర్తుండదు.

షామియానా బిల్లులో విరిగిన కుర్చీల డబ్బు విడిగా రాయించు, అద్దెలో కలిపితే వచ్చే ఏడు అదే అద్దె అయి కూర్చుంటుంది. లెక్కల కాగితం గ్రూపులో పెట్టేముందు ఫోటో తీసి నాకు పంపు, ఒకసారి కూడి చూస్తాను.

మీ నాన్న