ఫడ్జ్ పాకం, గీతలో లేచిన గుట్ట

లీడ్స్

అమ్మా,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్నగారు మందులు వేళకి వేసుకుంటున్నారా? నేను బాగానే ఉన్నాను. ఈ నెలంతా నైట్ షిఫ్టే. పగలు వంట వీడియోలు తీస్తారు, మేం రాత్రి కూర్చుని ఎడిట్ చేసి పొద్దుటికి సిద్ధం చేస్తాం. ఈ సంగతి ఫోన్‌లో చెబుదామంటే సగంలోనే "సరేగానీ, తిన్నావా?" అంటావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఫడ్జ్ అని ఒక మిఠాయి ఉంది. పాలు, వెన్న, పంచదార కలిపి పాకం వచ్చేదాకా ఉడికించి, దించి, కాస్త చల్లారాక గట్టిగా కలిపి ముక్కలు కోస్తారు. మన పాలకోవాకి దూరపు చుట్టం అనుకో. ఆ వీడియో మా వాళ్ళు యూట్యూబ్‌లో పెట్టారు. ఎంతమంది ఎంతవరకూ చూశారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్ ఒకటి ఉంటుంది. మొదట్లో ఉన్నవాళ్ళలో ప్రతి క్షణానికీ ఎందరు మిగిలారో చూపించే గీత అది. మామూలుగా కిందికే జారుతుంది. కానీ ఎవరైనా వెనక్కి జరిపి మళ్ళీ చూస్తే ఆ క్షణం రెండోసారి లెక్కకొస్తుంది, అక్కడ గీత పైకి లేస్తుంది. దాన్నే మేం బంప్ అంటాం. ఈ వీడియోలో 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఒక గుట్టంత లేచింది.

మా ప్రొడ్యూసర్ చూసి సంబరపడిపోయాడు. "పాకం బుడగలు జనానికి తెగ నచ్చాయి, ఆ ముక్క విడిగా చిన్న వీడియో చేసేయ్" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నచ్చినా మళ్ళీ చూస్తారు, అర్థం కాకపోయినా మళ్ళీ చూస్తారు. ఆ రెండింటినీ గీత విడదీసి చెప్పదు.

ఆ రాత్రి పని ముందే అయిపోతే కూర్చుని చూశాను. బుడగల షాట్ 3:50కే అయిపోయింది, అక్కడ గీత మామూలుగానే జారుతోంది. వీడియోలో కొత్త భాగం ఎక్కడ మొదలవుతుందో చూపే చాప్టర్ గుర్తు మీద నొక్కి నేరుగా అక్కడికి దూకినా గీత లేస్తుంది, కానీ దగ్గర్లో చాప్టర్ ఏదీ మొదలవలేదు. గుట్ట సరిగ్గా వంటావిడ "ఇప్పుడు చన్నీళ్ళలో వేసి చూడండి" అన్న మాట దగ్గర మొదలై, గిన్నె దించగానే పడిపోతోంది. పైగా సబ్‌స్క్రైబర్లలో అది అంతగా లేదు, మిగతావాళ్ళలోనే ఎత్తుగా ఉంది. వాళ్ళలో చాలామంది పొయ్యి వెలిగించుకుని చూస్తున్నవాళ్ళే అనిపించింది. కామెంట్లు చదివితే ఒకరికి గడ్డకట్టలేదట, ఇంకొకరికి ఇసకలా పొడిపొడిగా వచ్చిందట.

ఇక ఆ షాట్ చూశానమ్మా. రెండు సెకన్లు! పైనుంచి తీసిన కెమెరా, గిన్నెలోంచి ఆవిరి, ఆవిడ వేళ్ళ మధ్య ఏదో ఉండ, "ఇలా ఉండాలి" అన్న మాట. అంతే. 115 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర దించాలని రెసిపీలో రాశారు గానీ, ఇంట్లో థర్మామీటర్ లేనివాళ్ళు ఏం చేస్తారు? అది మన అరిసెలకి నువ్వు పళ్ళెంలో నీళ్ళు పోసి చూసే ఉండపాకమే. నాకు తెలుసు కాబట్టి రెండు సెకన్లూ సరిపోయాయి. తెలియనివాళ్ళకి ఎలా సరిపోతాయి?

ఎడిట్ చేయని ఫుటేజ్ వెతికితే పక్క కెమెరాలో అంతా ఉంది. ఆవిడ మూడుసార్లు పరీక్షించింది. మొదటి చుక్క నీళ్ళలో కరిగిపోయింది. రెండోది దగ్గరికి చేరింది గానీ వేలితో ఎత్తబోతే జారిపోయింది. మూడోది మెత్తని ఉండయింది. పగటి ఎడిటర్ వీడియో చురుగ్గా ఉండాలని మొదటి రెండూ తీసేశాడు. ఇంకా కాని పాకం చూడకుండా అయిన పాకం ఎలా గుర్తుపడతారు చెప్పు?

ఒకసారి పెట్టేశాక అదే లింకులో వీడియో మార్చలేం. ముక్క కత్తిరించగలం గానీ కొత్తది అతికించలేం. అందుకని మూడు చుక్కల తేడా పిన్ చేసిన కామెంట్‌లో రాయించాను, ఆ ఫుటేజ్‌తోనే చిన్న వీడియో కట్టాను. బుడగలు మొదటి రెండు సెకన్లలో పెట్టాను, ప్రొడ్యూసర్ మనసు నొప్పించడం ఎందుకని.

తర్వాత వచ్చిన కారమెల్ వీడియోలో పాకం పరీక్ష మొత్తం ఉంచాం. ఈసారి బంప్ చాలా చిన్నది. అయితే ఆ పొడుగు షాట్ దగ్గర కొందరు వెళ్ళిపోయారు కూడా. దాని గురించి ప్రొడ్యూసర్ ఇంకా సణుగుతూనే ఉన్నాడు. వండేవాళ్ళు ఉంటే చాలని నేనంటాను, చూసేవాళ్ళే లెక్క అని ఆయనంటాడు. తేలలేదు.

వచ్చే నెల బెల్లంతో ఒకటి తీద్దామంటున్నారు. నువ్వు ఈసారి అరిసెలు చేసేటప్పుడు తమ్ముడితో ఫోన్‌లో తీయించి పంపు. పళ్ళెం పక్కనుంచి తీయమను, పైనుంచి వద్దు. చెడిపోయిన చుక్కలు కూడా ఉండాలి. "ఛీ, ఇది బాగా రాలేదు" అని వాటిని తీసేయనివ్వకు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ కూతురు
పద్మ