లాన్ పాయింట్ల వైరింగ్ లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా కొత్త ఇంట్లో మీరు బిగించిన 9 లాన్ సాకెట్లు సరిచేయడం గురించి.

అయ్యా,

గృహప్రవేశానికి వారం ముందు మీ టెక్నీషియన్, ఒక హెల్పర్ వచ్చి మా ఇంట్లో గదికొకటి చొప్పున 9 లాన్ పాయింట్లు బిగించారు. వైర్లన్నీ మెట్ల కింద పెట్టెలోకి వస్తాయి. ఆ రోజు ఒక ల్యాప్‌టాప్ పెట్టి చూపించి, "నెట్ వస్తోంది సార్" అని సంతకం తీసుకున్నారు. తర్వాత బయటపడిన తేడాలు రెండు.

మొదటిది చదువుకునే గదిలో. అక్కడ కంప్యూటర్ బాగానే పనిచేస్తుంది. కానీ నా పాత ప్రింటర్‌ని అదే సాకెట్‌కి పెడితే లైటే వెలగదు. ప్రింటర్ పోయిందేమోనని మెట్ల కిందికి మోసుకెళ్లి, అక్కడి స్విచ్‌కి చిన్న కేబుల్‌తో నేరుగా కలిపాను. వెంటనే వెలిగింది. సాకెట్ మూత ఊడదీసి చూస్తే గోడ దగ్గర టి568ఎ అనే రంగుల వరస ప్రకారం 1, 2 పిన్నుల్లో గ్రీన్ జత ఉంది. పెట్టెలో అదే వైరు రెండో కొసన టి568బి ప్రకారం ఆ పిన్నుల్లోనే ఆరెంజ్ జత ఉంది. టెస్టర్ పెడితే ఒక వైపు లైట్లు 1 నుంచి 8 వరకు వరసగా వెలుగుతుంటే, రెండో వైపు 3, 6, 1, 4, 5, 2, 7, 8 అని వెలిగాయి.

ఫోన్ చేస్తే మీ టెక్నీషియన్, "ఎ అయినా బి అయినా ఒకటే సార్, మీ స్విచ్ పాతది, మార్చుకోండి" అన్నాడు. ఆయన మాటలో సగం నిజమే. ఎ, బి రెంటికీ తేడా గ్రీన్, ఆరెంజ్ జతలు చోటు మార్చుకోవడమే. స్పీడులో ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. ఏది వేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ రెండు కొసలూ ఒకేలా ఉండాలి. ఒక వైపు ఎ, ఒక వైపు బి వేస్తే అది క్రాస్ కేబుల్ అవుతుంది. ఒకప్పుడు రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి కావాలని అలా చేసుకునేవాళ్లం. ఇప్పటి రౌటర్లు, స్విచ్‌లు ఆ క్రాస్‌ని తామే కనిపెట్టి సర్దుకుంటాయి. రెండు పరికరాల్లో ఒక్కదానికి ఆ తెలివి ఉన్నా చాలు, లైటు వెలుగుతుంది. నా పాత స్విచ్‌కీ ప్రింటర్‌కీ అది లేదు కాబట్టే మీ తప్పు దొరికింది. కొత్త స్విచ్ కొంటే ప్రింటర్ పనిచేస్తుందని నాకూ తెలుసు. మీ వైరింగ్ తప్పు కనబడకుండా ఉండటానికి నేను స్విచ్ ఎందుకు కొనాలి?

రెండోది పై బెడ్‌రూమ్. అసలు కోపం దీని మీదే. ఇక్కడ రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి, టెస్టర్ కూడా 1 నుంచి 8 వరకు చక్కగా వెలుగుతుంది. అయినా మిగతా గదుల్లో `1000/1000 (Mbps)` చూపించే నా ల్యాప్‌టాప్ ఇక్కడ `100/100 (Mbps)` దగ్గర ఆగిపోతోంది. వీడియో కాల్ మధ్యలో తెగిపోతోంది. మూత తీస్తే మీ హెల్పర్ జతలన్నీ పక్కపక్కనే పెట్టుకుంటూ పోయాడని తెలిసింది: ఆరెంజ్ జత, తర్వాత గ్రీన్, తర్వాత బ్లూ, చివర బ్రౌన్. ఇది ఎ కాదు, బి కాదు. పరికరం 3, 6 పిన్నులను ఒక జతగా వాడుతుంది. ఎ, బి రెంటిలోనూ ఆ రెండు పిన్నుల్లో ఒకే మెలిలోని తీగలుంటాయి. ఇక్కడ 3లో తెలుపు-గ్రీన్, 6లో బ్లూ ఉన్నాయి. 4, 5దీ ఇదే గతి. కలిసి మెలితిరిగిన రెండు తీగల్లో సిగ్నల్ వెళ్తేనే పక్క తీగల గోల దానికి అంటదు. వేర్వేరు మెలికల తీగలను జత చేస్తే ఆ రక్షణ పోతుంది. మీ చిన్న టెస్టర్ తీగ తెగిందా లేదా అనే చూస్తుంది, ఏ తీగ ఏ మెలిలోదో దానికి తెలియదు. అందుకే "టెస్ట్ చేశాం" అన్న మాట ఈ గది విషయంలో చెల్లదు.

గోడ పగలగొట్టే పనేం లేదు. పెట్టె వైపు మిగతావన్నీ బి ప్రకారమే ఉన్నాయి కాబట్టి, గోడ సాకెట్లన్నీ తెరిచి చూసి, ఎ ఉన్నచోట బికి మార్చండి. బెడ్‌రూమ్ వైరుకి రెండు కొసలూ కొత్తగా పంచ్ చేయాలి. పంచ్ చేసేటప్పుడు మెలి అరంగుళం మించి విప్పొద్దని హెల్పర్‌కి చెప్పండి, బెడ్‌రూమ్‌లో రెండంగుళాలు విప్పి ఉంది. ప్రతి సాకెట్ మీద "బి" అని, గది నంబరు రాయాలి. మూత బిగించే ముందు రంగులు నాకు చూపించాలి.

బిల్లులో మిగిలిన 4,500 రూపాయలు ఈ పని అయ్యాక ఇస్తాను. శనివారం ఉదయం 10 తర్వాత ఇంట్లోనే ఉంటాను. బెడ్‌రూమ్ సాకెట్ మూత అలాగే ఊడదీసి ఉంచాను.

ఇట్లు,
ఇంటి యజమాని