చల్లని చోటంటే ఎన్ని డిగ్రీలు, మంత్రిగారూ?

కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి,

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది మరాఠీ. ప్యాకెట్ల మీద ఏం రాయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మీ శాఖ కిందే ఉంది కాబట్టి మీకే రాస్తున్నా.

మే నెలలో ఒక రాత్రి ఇంటికొచ్చేసరికి ఆలస్యమై, సందు చివర దుకాణంలో రాజ్మా ప్యాకెట్ కొన్నా. అదే, లోపల వెండి రంగులో ఉండి, వేడి చేసుకుని తినేసే రకం. ఫిబ్రవరిలో తయారైంది, 12 నెలల గడువు. ఉబ్బలేదు, అంచు దగ్గర తడి లేదు. వెనక రాసినట్టే ప్యాకెట్ విప్పకుండా మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, కత్తెరతో కోశాను. పుల్లటి వాసన. టమాటా పులుపు కాదు, పొద్దున వండి సాయంత్రం దాకా మూత పెట్టి మరిచిపోయిన పప్పు వాసన. దుకాణదారుడేమో "డేట్ ఉంది కదా" అన్నాడు. ప్యాకెట్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే "చల్లని, పొడి చోట ఉంచమని రాశాం కదా" అన్నారు. ఆ దుకాణానిది రేకుల కప్పు సార్. మే నెలలో ఇక్కడ బయటే 45 దాటుతుంది, ఇక ఆ రేకుల కింద, పై అరలో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

మా బంధువుల అబ్బాయి ఫుడ్ టెక్నాలజీ చదివాడు. వాడు చెప్పాకే నాకు సంగతి అర్థమైంది. ఈ ప్యాకెట్లో కూర నింపి, సీలు వేసి, ఆ తర్వాత రిటార్ట్ అనే పెద్ద ప్రెషర్ పాత్రలో సుమారు 121 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. మనిషిని చంపగల బొటులిజం క్రిమి విత్తులు కూడా అక్కడ చస్తాయి. కానీ అంతకన్నా మొండివి, వేడిని ఇష్టపడే రకం విత్తులు కొన్ని మిగిలిపోవచ్చు. అవి మామూలు గది వేడిలో లేవవు, 40, 45 దాటి రోజుల తరబడి ఉంటేనే లేస్తాయి. లేచాక పులుపు పుట్టిస్తాయి గానీ గ్యాస్ పుట్టించవు, అందుకే ప్యాకెట్ ఉబ్బదు. నా రాజ్మాకు జరిగింది బహుశా ఇదే. సీలు సరిగా పడకపోయినా, సూదిమొనంత బెజ్జం పడినా బయటి క్రిములు దూరి చాలాసార్లు ప్యాకెట్ ఉబ్బుతుంది, దాన్ని చూసి పారేస్తాం. ఇదలా కాదు, విప్పేదాకా తెలియదు.

అంటే 12 నెలల గడువుకు ఒక షరతుంది, ఆ షరతు అంకెల్లో లేదు. "చల్లని చోటు" అంటే ఢిల్లీలో మీ ఆఫీసుకు ఒక అర్థం, మా దుకాణానికి ఇంకో అర్థం. ఇన్ని డిగ్రీలకు మించి ఉంచొద్దని అంకె వేయిస్తే దుకాణదారుడిని అడగడానికి నాకో ఆధారం ఉంటుంది.

రెండోది, "ప్రిజర్వేటివ్‌లు లేవు" అన్న పెద్ద అక్షరాలు. అది అబద్ధమనను. ఈ పద్ధతిలో వాటి అవసరమే లేదు, ఆ పని వేడి, సీలు కలిసి చేసేశాయి. కానీ సీలు కోసిన క్షణం ఆ రక్షణ పోతుంది, ఇక అది మన ఇంటి పప్పుతో సమానం. మా చిన్నమ్మ సగం వాడి, మిగతాది ప్యాకెట్ మూతి మడిచి, రబ్బరు బ్యాండు వేసి గూట్లో పెట్టింది. ఎందుకమ్మా అంటే "ఏడాది దాకా ఖరాబ్ కాదంటరు గద బిడ్డా, మందు గూడ కలపలేదంటివి" అంది. తప్పు ఆమెదా? విప్పాక ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో తినాలన్న ముక్క వెనక, చీమ తలంత అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. మర్నాడు బాగా మరిగించి తింటే సరిపోతుంది కదా అంది. సరిపోదు. కొన్ని క్రిములు వదిలిన విషం మరిగించినా పోదు. పైగా ఆ ఐదు నిమిషాల వేడి కూర వెచ్చబడటానికే, చెడిపోయింది బాగవడానికి కాదు.

నిబంధన ప్రకారం వివరాలు ఇంగ్లీషులోనో దేవనాగరి లిపి హిందీలోనో ఉంటే చాలు, వేరే భాష కంపెనీ ఇష్టం. అన్ని భాషలూ పట్టవంటారేమో, సరే. బొమ్మలు పట్టవా? విప్పిన ప్యాకెట్, పక్కన ఫ్రిజ్, దాని మీద 24. అల్యూమినియం రేకున్న ప్యాకెట్‌ను నేరుగా మైక్రోవేవ్‌లో పెట్టొద్దని ఇంకో బొమ్మ, పట్నంలో చదివే మా పిల్లల కోసం. "ప్రిజర్వేటివ్‌లు లేవు" అన్నది ఏ సైజులో వేస్తే, విప్పాక ఎన్ని గంటలో కూడా అదే సైజులో, అదే వైపున వేయించండి.

వచ్చే మార్చికల్లా మా దగ్గర ఎండలు మొదలవుతాయి. ఆ పై అరలో ప్యాకెట్లు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇట్లు,
సిరోంచ నుంచి ఒక కొనుగోలుదారు