ఓపీ చీటీ వెనుక ఏడు బొమ్మలు వేయించండి

సంపాదకులకు నమస్కారం.

“ఎన్నాళ్ల నుంచి?”
“చాలా రోజులైంది సార్.”
“రోజుకు ఎన్నిసార్లు?”
“లెక్కే లేదు సార్.”

వరంగల్‌లో ఏ ఆసుపత్రిలోనైనా కడుపు బాధతో వచ్చినవారి పక్కన కాసేపు కూర్చుంటే వినబడే మాటలివి. లోపల డాక్టరు దగ్గర దొరికేది నాలుగైదు నిమిషాలు. అందులో సగం మొహమాటానికే పోతుంది. మేక పెంటికల గురించీ, గేదె పేడ పలచబడిందనీ నడివీధిలో నిలబడి మాట్లాడుకునే మనం, మన సంగతి వచ్చేసరికి “మోషన్లు సరిగా లేవు” అనే మూడు మాటల వెనుక దాక్కుంటాం. అలాంటి మాటల వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

మా అమ్మకు డెబ్బై ఏళ్లు. నర్సంపేట వైపు పల్లెలో ఉంటుంది. కొన్ని నెలలుగా “విరేచనాలు” అంటోంది. మూడు చోట్ల చూపించాం. మూడు చోట్లా అదే మాట చెప్పాం, మూడు చోట్లా విరేచనాలు కట్టే మాత్రలే ఇచ్చారు. నాలుగోసారి చూసిన డాక్టరు రక్తపరీక్షలు రాసి, రిపోర్టులతో పాటు పది రోజుల లెక్క కూడా తెమ్మన్నారు. ఏం తిన్నదీ, ఎంత తాగిందీ, మలం ఏ రకంగా వచ్చిందీ, నొప్పి ఎప్పుడు ఎంతసేపు ఉందీ, ఏ మందు వేసుకుందీ రాయాలి. చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఏడు బొమ్మలున్నాయి.

ఆ బొమ్మల కొలమానాన్ని ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో లూయిస్, హీటన్ అనే వైద్యులు తయారుచేసి 1997లో ప్రచురించారట. మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు. ఒకటో రకం మేక పెంటికల్లా విడివిడిగా, గట్టిగా ఉంటుంది. రెండోది అవే పెంటికలు అతుక్కుని గడ్డలుగడ్డలుగా ఉన్న కడ్డీ. మూడోదానికి పైన పగుళ్లుంటాయి. నాలుగోది మగ్గిన అరటిపండులా నునుపు. అయిదోది మెత్తని ముక్కలు, ఆరోది అంచులు చెదిరిన జావ, ఏడోది ఉత్త నీళ్లు. మూడు, నాలుగు మామూలు. ఒకటి, రెండు మలబద్ధకం వైపు, ఆరు, ఏడు విరేచనాల వైపు. “బాగా రాలేదు” అని ఒక పేరా చెప్పడం కంటే “రెండు” అనడం సులువు. సిగ్గు కూడా తక్కువ.

అమ్మకు చదువు రాదు. బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే నేను అంకె వేసేదాన్ని. నీళ్ల లెక్కకు ఆమే ఒక ఉపాయం చేసింది. గ్లాసు తాగినప్పుడల్లా ఒక చింతగింజ డబ్బాలో వేసేది. మా స్టీలు గ్లాసుకు సుమారు 200 మిల్లీలీటర్లు పడతాయి. రాత్రి మూత తీసి చూస్తే నాలుగు గింజలు, ఒక్కోరోజు మూడు. మోకాళ్ల నొప్పితో మాటిమాటికీ లేవలేక నీళ్లు తగ్గించుకుంటోందని మాకు అప్పుడే తెలిసింది.

ఇక నోటుబుక్కు ఏం చెప్పిందో చూడండి. మొదటి సోమవారం, మంగళవారం ఏమీ లేదు. అమ్మ “రాసేదేముంది, వదిలెయ్” అంది. కానీ డాక్టరు గట్టిగా చెప్పారు కనుక రెండు గడుల్లోనూ సున్నా వేశాను. బుధవారం తెల్లవారుజామున ఒకటో రకం, మూడు పెంటికలు. ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి పదికి ఆరు. గురువారం మళ్లీ సున్నా. శుక్రవారం ఉదయం నుంచి ఏడో రకం నాలుగుసార్లు, చీరకు మరక. మధ్యాహ్నం కట్టే మాత్ర. శనివారం రెండుసార్లు ఏడు, మరో మాత్ర. ఆ తర్వాత మూడు రోజులు వరుసగా సున్నాలు, కడుపు ఉబ్బరం. పదో రోజు మళ్లీ ఏడు.

డాక్టరు ఆ సున్నాల మీదే వేలు పెట్టారు. పొట్ట నొక్కి, మలద్వారంలో వేలితో పరీక్షించి, లోపల గట్టి మలం పేరుకుపోయి ఉందన్నారు. ఆ గడ్డను దాటుకుని పైనున్న పలచటి మలం పక్కల నుంచి కారుతోంది. మేం విరేచనాలు అనుకున్నది అదే. అంటే అసలు జబ్బు మలబద్ధకం. కట్టే మాత్ర వేసిన కొద్దీ అది మరింత బిగుసుకుంది. మందుల గడిలో మోకాలి నొప్పికి వాడే ట్రమడాల్, రక్తం కోసం వాడే ఐరన్ మాత్రలు కూడా కనబడ్డాయి. రెండూ మలాన్ని గట్టిపరిచేవే. ముందు ఎనీమా ఇచ్చారు, తర్వాత రోజూ మలాన్ని మెత్తబరిచే మందు రాసి, నొప్పి మాత్ర మార్చారు. ఈ వయసులో అలవాటు మారితే పేగు లోపల కూడా చూడాలని కొలనోస్కోపీ చేయించారు. అందులో భయపడాల్సిందేమీ లేదని తేలింది. ఇదంతా మా అమ్మకు చేసిన వైద్యం. దీన్ని చూసి ఎవరూ సొంతంగా మందులు మార్చుకోవద్దు.

మేం చేసిన తప్పులు కూడా చెప్పాలి. మొదటి రెండు రోజులు రాత్రి పడుకునే ముందు గుర్తు తెచ్చుకుని రాశాను, సగం మరిచిపోయాం. తర్వాత నోటుబుక్కును బాత్రూము తలుపు పక్కన మేకుకు వేలాడదీశాను. రెండో తప్పు, నొప్పి రాగానే ముందు పూట తిన్న వంకాయ కూరను తిట్టుకోవడం. తిన్నది బయటికి రావడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. భోజనం కాగానే వెళ్లాలనిపించడం పేగుల సహజమైన కదలిక, అప్పుడే తిన్నది బయటికి రావడం కాదు. కాబట్టి కూర పేరు, వేళ రాసి ఊరుకోవాలి, తీర్పు చెప్పకూడదు. లెక్క రాసే రోజుల్లో పథ్యం మొదలుపెట్టినా ఉపయోగం లేదు, రోజూ తినేదే తినాలి. నొప్పికి అంకె ఒక్కటే సరిపోదు. మలవిసర్జన తర్వాత తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా అన్నది డాక్టరు తప్పకుండా అడిగారు.

మలంలో రక్తం, తారులా నల్లగా జిగటగా రావడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, నొప్పితోనో విరేచనంతోనో నిద్రలోంచి లేవాల్సి రావడం, వాంతులతో పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోవడం ఉంటే నోటుబుక్కు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది. అందుకే మందుల గడి ఖాళీగా వదలకూడదు.

ఇక నా విన్నపం. ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే ఓపీ చీటీ వెనుక వైపు ఖాళీగానే ఉంటోంది. కడుపు బాధతో వచ్చినవారికైనా ఆ వైపు ఏడు బొమ్మలు, పద్నాలుగు రోజుల గడులు అచ్చువేసి ఇవ్వమని హనుమకొండ, వరంగల్ జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. చదువు రానివారికి ఆశా కార్యకర్తలు ఒకసారి చూపిస్తే చాలు, మా అమ్మలా బొమ్మ మీద వేలు పెట్టగలరు. అంతవరకు మీ ఆదివారం సంచికలో ఒక పావు పేజీ ఈ పట్టికకు ఇవ్వండి, కత్తిరించుకుని గోడకు అంటించుకుంటాం. ఎవరు అచ్చువేసినా సున్నాకు విడిగా ఒక గడి ఉంచడం మరవవద్దు.

— ఒక పాఠకురాలు, హనుమకొండ