ఆ పాతిక రూపాయలు ఎక్కడ మిగిలాయి?

సంపాదకుడికి,

అయ్యా, పోయిన ఆదివారం మీ వాణిజ్య పేజీలో పంపుల తయారీ యూనిట్ గురించి వచ్చిన విజయగాథ చదివాను. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. నిన్న మళ్లీ ఓ పాఠకుడు దాన్ని మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం వేశారు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ఏడాదికి 10,000 షాఫ్టులు సొంతంగా చేసుకునే ఆ యజమాని వాటిని బయట కొనడం మొదలుపెట్టారట. సొంత తయారీకి ఒక్కోటి 180 రూపాయలు, బయట 155, కాబట్టి ఏడాదికి రెండున్నర లక్షలు ఆదా అని పెద్దక్షరాల్లో వేశారు. ఆ 180లో ఏమేం ఉన్నాయో కూడా మీరే పక్కన పెట్టెలో ఇచ్చారు: ఇనుప కడ్డీ 60, పీసుకింత అని ఇచ్చే కూలి 35, కరెంటు, టూల్స్ 25, లేతు యంత్రం తరుగుదల 20, షెడ్డు అద్దె, ఆఫీసు జీతాల వాటా 40. వేసిన పెట్టెను మీవాళ్లు ఒక్కసారైనా చదివారా?

షాఫ్టు చేయడం ఆపితే ఆగే ఖర్చులు మొదటి మూడే. వాటి మొత్తం 120. అద్దె ఆగదు. షెడ్డులో ఒక మూల ఖాళీ అయిందని షెడ్డు అద్దెకిచ్చినాయన అద్దె తగ్గించడు. గుమస్తా జీతమూ ఆగదు. ఇక తరుగుదల. ఐదేళ్ల కిందట 20 లక్షలు పెట్టి లేతు కొన్నారు, ఆ డబ్బు ఆ రోజే వెళ్లిపోయింది. దాన్ని పదేళ్లకు పంచి పుస్తకంలో రాసుకోవడమే తరుగుదల. షాఫ్టు తిప్పినా తిప్పకపోయినా ఆ 20 లక్షలు వెనక్కి రావు. అంటే 120తో అయ్యే పనికి ఇప్పుడు 155 ఇస్తున్నారు, ఆగని 60 అలాగే మోస్తున్నారు. షాఫ్టు ఒక్కింటికి 215 పడుతోంది. ఏడాదికి మూడున్నర లక్షల నష్టానికి ఆదా అని పేరుపెట్టారు!

లేతు అమ్మేస్తారు కదా అంటారేమో. నిజమే, ఈరోజు దానికొచ్చే ధర లెక్కలోకి రావలసిందే. మీ వార్త ప్రకారం అది 3 లక్షలు. ఏడాది తిరక్కముందే ఆ సొమ్ము కరిగిపోతుంది. పుస్తకంలో దాని విలువ ఇంకా 10 లక్షలుందని, అమ్మితే 7 లక్షల నష్టమని ఆయన బెంగపడటం మాత్రం అనవసరం. ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది, కాగితం మీదికి ఇప్పుడు ఎక్కుతుందంతే.

అసలు చిక్కు వచ్చే ఏడాది మొదలవుతుంది. షాఫ్టుల మీద వేసిన 4 లక్షల అద్దె, జీతాల వాటా మిగతా సరుకుల నెత్తిన పడుతుంది. నిన్నటిదాకా లాభంలో ఉన్న ఇంపెల్లరు కాస్ట్ షీటులో నష్టం చూపిస్తుంది. దాన్నీ బయట కొందామంటారు. ఆ తర్వాత కేసింగు వంతు. చివరికి అద్దె, జీతాలు మోయడానికి ఒక్క సరుకూ మిగలదు. అప్పుడు మీరే ‘మూతపడిన మరో చిన్న పరిశ్రమ’ అని ఇంకో వార్త వేస్తారు.

బయట కొనడం ఎప్పుడూ తప్పేనని నేననడం లేదు. లేతుకు వేరే పని కాచుకొని ఉంటే లెక్క మారుతుంది. షాఫ్టుకు పావుగంట పడుతుందనుకుందాం. అదే లేతు మీద ఇంకో ఆర్డరు చేస్తే సరుకు, కూలి, కరెంటు పోగా గంటకు 240 మిగులుతుందంటే, ప్రతి షాఫ్టుకూ 60 వదులుకుంటున్నట్టే. అప్పుడు సొంత షాఫ్టు నిజంగానే 180 పడుతుంది, 155కు కొనడమే తెలివి. మీ వార్తలోనూ 180 అనే ఉంది, కానీ ఆ 60 వేరు, ఈ 60 వేరు. యంత్రం ఖాళీగా ఉందా లేదా అనేదొక్కటీ మీ విలేఖరి అడగలేదు. కూలీలు నెలజీతం మీద ఉండి, పని ఉన్నా లేకపోయినా జీతం ఇవ్వాల్సిందే అయితే ఆ 35 కూడా ఆగదు, నష్టం ఇంకా పెరుగుతుంది. అదీ అడగలేదు.

అదే వార్త చివర ఇంకో యజమాని ‘20 లక్షలు పోశాను, మూలన పడేయలేక నష్టానికే నడుపుతున్నా’ అన్నారు. ఆయనది తిరగేసిన తప్పు. ఆ 20 లక్షలు నడపడానికీ కారణం కావు, ఆపడానికీ కావు. ఈ ఏడాది వచ్చే అమ్మకాల్లోంచి, ఆపితే ఆగే ఖర్చులూ చేయించక తప్పని మరమ్మతూ తీసేస్తే ఏమైనా మిగులుతుందా? మిగిలేది, యంత్రాన్ని ఈరోజు అమ్మి వచ్చిన డబ్బు వేరేచోట తెచ్చేదానికన్నా ఎక్కువుందా? ఆయన చూసుకోవలసింది అది.

విలేఖరులనే అని ఏం లాభం? శిక్షణ శిబిరాల్లో భోజనాలకూ దండలకూ ఉన్న సమయం, ఆగే ఖర్చెంత, ఆగనిదెంత అనే ఈ రెండు వరుసల లెక్కకు ఉండదు. పూర్వం మీ పేజీలోనే లెక్కలు తెలిసినవాళ్లు రాసేవారు. ఇప్పుడు యజమాని చెప్పింది చెప్పినట్టు అచ్చేసి ఫొటో పెడుతున్నారు.

సవరణ వేస్తే ఆ పెట్టె ఉన్నచోటే, అదే సైజులో వేయండి. లోపలి పేజీలో ఓ మూల వేస్తే ఆ యజమాని కంటపడదు.

ఇట్లు,
మీ పాత చందాదారు