వేలు కాదన్నది, ముఖం ఔనన్నది

సంపాదకుడు గారికి నమస్కారం.

పింఛను తీసుకునేటప్పుడు వేలిముద్రలు పడని ముసలివాళ్ళు ఇక ముఖం చూపిస్తే చాలని, వాళ్ళ తిప్పలు తీరినట్టేనని మీ జిల్లా పేజీలో రాశారు. చాలామందికి తీరతాయి కూడా. పొగాకు గ్రేడింగులోనూ గ్రానైటు పనిలోనూ చేతులు అరగదీసుకున్నవాళ్ళు ఆ చిన్న యంత్రం మీద వేలు పెట్టి, తుడిచి, మళ్ళీ పెట్టి విసిగిపోవడం నేనూ చూశాను. కానీ పోలీసు శాఖలో ముప్ఫై ఏళ్ళు భూతద్దం కింద వేలిముద్రలు చూసినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ‘వేలు పడకపోతే ముఖం’ అనే ఈ వరసలో ఒక చిక్కుంది. కవలలున్న ఇంట్లో అది బయటపడుతుంది.

టంగుటూరు దగ్గర మా బంధువుల ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. ఒకే కాన్పు, పావుగంట తేడా. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ పొగాకు బేరన్ల దగ్గర పనిచేసినవాళ్ళే. అక్కకు పింఛను వస్తుంది. చెల్లెలు వేరు కాపురం, ఈ మధ్యనే అర్జీ పెట్టుకుంది. ఒక నెల ఒకటో తారీకున అక్క చీమకుర్తిలో కూతురింటికి పోయింది. గేదెకు కుడితి పెట్టడానికి చెల్లెలు అక్కింటికి వచ్చింది. సరిగ్గా అప్పుడే పింఛను పంచే అబ్బాయి వచ్చాడు. ఊరికి కొత్త. “అవ్వా, పింఛను” అన్నాడు. ఈమెకు చెవులు కాస్త తక్కువ. తన అర్జీ మంజూరైందనుకుని వేలు పెట్టింది. పడలేదు. మళ్ళీ పెట్టింది, మూడోసారీ పెట్టింది. పొగాకు చేతులు కదా, మామూలేలే అనుకుని అబ్బాయి ఫోను ఎత్తి ముఖం చూపించమన్నాడు. కళ్ళు ఆర్పమంటే ఆర్పింది. పడింది. 4,000 రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగో తారీకున అక్క తిరిగొచ్చి అడిగితే, “నువ్వు తీసుకున్నావవ్వా, ముఖం కూడా పడింది” అన్నారు. ఇంట్లో కోడలికి అనుమానం, కొడుక్కి కోపం. “నేను ఊళ్ళోనే లేనబ్బయ్యా, నా మొహం ఎట్టా పడిద్ది?” అని ఆమె నా దగ్గరకొచ్చి కూర్చుంది.

ఎట్టా పడిందో చెప్తాను. ముఖాన్ని పోల్చే సాఫ్ట్‌వేర్ మనలాగా మనిషిని ఆనవాలు పట్టదు. ఫొటోలోని ముఖాన్ని కొన్ని వందల అంకెల వరసగా మారుస్తుంది. ఆధార్ తీసుకున్ననాటి ఫొటో కూడా అలాంటి వరసే. రెండు వరసలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి మార్కులు వేస్తుంది. పాసు మార్కు దాటితే ఒకే మనిషి, దాటకపోతే వేరే మనిషి. ఆ పాసు మార్కు ఎక్కడ పెట్టాలన్నది, ఒకరికొకరు ఏమీ కాని జనం ఫొటోలను లక్షల జతలుగా పోల్చి చూసి నిర్ణయిస్తారు. పొరపాటు పది లక్షల్లో ఒకటి అనే లెక్క అలా వచ్చిందే. దారిన పోయే మనిషి మీ ఫోను ఎత్తి చూస్తే తెరుచుకునే అవకాశం అది. ఐఫోను తయారుచేసే ఆపిల్ కంపెనీ తన ఫేస్ ఐడీ గురించి ఈ లెక్కే చెబుతూ, కవలలకూ పోలికలున్న తోబుట్టువులకూ ఇది వర్తించదని తానే రాసుకుంది.

మరి పాసు మార్కు పెంచొచ్చు కదా అంటారు. పెంచితే ముందు ఫెయిలయ్యేది అసలు మనిషే. అక్క ఆధార్ ఫొటో పదేళ్ళ పైనాటిది. అప్పటికి పళ్ళున్నాయి, బుగ్గలు లోపలికి పోలేదు. ఆ ఫొటోకీ ఇవాళ్టి అక్కకీ ఉన్న తేడా, ఇవాళ్టి అక్కకీ ఇవాళ్టి చెల్లెలికీ ఉన్న తేడా కంటే ఎక్కువ. చెల్లెల్ని ఆపే చోటుకు మార్కు పెంచితే, ఆ చోటుకు చేరకముందే అక్క తన పింఛనుకు తానే పనికిరాకుండా పోతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2022లో కవలల ఫొటోలతోనే ఈ సాఫ్ట్‌వేర్లను పరీక్షించి నివేదిక ఇచ్చింది. మామూలుగా వాడే మార్కు దగ్గర అచ్చు కవలలను అవి విడదీయలేకపోతున్నాయని అందులో తేలింది. కళ్ళు ఆర్పమనే పరీక్ష ఉందిగా అంటారేమో. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషి అని తేల్చడానికే అది. చెల్లెలికీ ప్రాణం ఉంది కదా!

కవలలు కాని అన్నదమ్ములు, తల్లీకూతుళ్ళ సంగతి ఇంత కష్టం కాదు. ఒక ఆధార్ నంబరు చెప్పి అదే మనిషా అని అడిగితే చాలాసార్లు పట్టుబడతారు. అయితే పోలీసులు సీసీ కెమెరా బొమ్మ పెట్టి పాత నేరస్థుల ఫొటోల్లో వెతికేటప్పుడు వ్యవహారం మారుతుంది. అసలు దొంగ ఫొటో ఆ రికార్డులో లేక, ఎప్పుడో చిన్న కేసులో ఇరుక్కున్న వాడి అన్న ఫొటో ఉందనుకోండి. ఉన్నవాళ్ళలో దగ్గరి పోలిక అన్నదే కాబట్టి జాబితాలో పైకొచ్చేది అన్నే. పైన ఉన్నాడు కాబట్టి వాడే అనుకుంటే నిర్దోషి స్టేషను మెట్లెక్కుతాడు.

మళ్ళీ మా అక్కచెల్లెళ్ళ దగ్గరికి వస్తాను. ఆ రోజు నిజం చెప్పింది వేలు. మూడుసార్లు చెప్పింది. యంత్రం పనికిమాలిందనుకుని ఎవరూ వినలేదు.

తల్లి కడుపులో పదో వారం ప్రాంతంలో వేళ్ళ మీద గీతలు మొదలవుతాయి, ఆరో నెలకు స్థిరపడతాయి. అప్పుడు వేలి కొస మీద ఉండే చిన్న మెత్త ఎంత ఉబ్బుగా ఉందన్నదాన్ని బట్టి ముద్ర సుడి అవుతుందా, ఉచ్చు అవుతుందా అన్నది చాలావరకు తేలుతుంది. దీంట్లో పుట్టుక పాలు ఎక్కువ, అందుకే కవలల ముద్రలు పైపైన చూస్తే ఒకేలా ఉంటాయి. కానీ ఏ గీత ఎక్కడ ఆగాలి, ఏది ఎక్కడ రెండుగా చీలాలి అన్నది ఆ వారాల్లో ఆ వేలి మీద పడ్డ ఒత్తిడిని బట్టి, చుట్టూ ఉన్న ఉమ్మనీటిని బట్టి, చర్మం పెరిగిన తీరును బట్టి ఉంటుంది. ఒకే కడుపులో ఉన్నా ఇద్దరు బిడ్డలకు అవి ఒకేలా జరగవు.

ఇద్దర్నీ మా అరుగు మీద కూర్చోబెట్టి, సిరా పూసి, తెల్లకాగితం మీద బొటనవేళ్ళు ఈ గోరంచు నుంచి ఆ గోరంచు దాకా దొర్లించి ముద్రలు తీశాను. ఇద్దరి కుడి బొటనవేలూ సుడే. ఉత్త కంటితో చూసిన మనవడు “రెండూ ఒకటే తాతయ్యా” అన్నాడు. అద్దం పెట్టి చూపించాను. అక్క ముద్రలో సుడి నడిమి నుంచి ఎడమకు మూడో గీత రెండుగా చీలింది. చెల్లెలి ముద్రలో అదే చోట గీత చీలకుండా సాగిపోయి, ఇంకో రెండు గీతల అవతల ఒకటి మొండిగా ఆగిపోయింది. అలాంటివి ఆరేడు చూపించేసరికి వాడికే విసుగొచ్చి లేచి వెళ్ళాడు. ముద్ర మసకగా పడితే కనబడని గీతను లెక్కలోకి తీసుకోకూడదు గానీ, స్పష్టంగా పడ్డ చోట వివరించలేని తేడా ఒక్కటి కనబడినా అది వేరే వేలే.

ఇది ఇంట్లో వాళ్ళ అనుమానం తీర్చడానికి. సర్కారు లెక్కలో రుజువు వేరే చోట ఉంది. ఆధార్ వెబ్‌సైటులో మన నంబరు కొట్టి, ఫోనుకొచ్చే ఓటీపీ ఇస్తే, మన ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎప్పుడు, ఏ పద్ధతిలో సరిచూశారో, పడిందో లేదో వరసగా కనిపిస్తుంది. కొడుకు ఫోనులో తీయించాను. అంతకుముందు నెలలన్నీ వేలితోనే పడ్డాయి. ఈ నెల ఒకటో తారీకున మూడు సార్లు పడలేదని, ఎదురుగా 300 అనే కోడు. వేలిముద్ర పోలలేదని దాని అర్థం. రెండు నిమిషాల తర్వాత ముఖంతో పడింది. అరిగిన వేలికి కూడా 300 రావచ్చు, కాబట్టి అదొక్కటే చాలదు. కానీ అయిదు నెలలు పడిన వేలు ఉన్నట్టుండి మూడుసార్లు కాదన్నదంటే, పెట్టినది ఎవరి వేలని ఒక్కసారన్నా అడగాలి. ఆ మాటే అబ్బాయితో అన్నాను. పాపం, అతను వెంటనే ఒప్పుకున్నాడు. సంగతి తెలిసి చెల్లెలు బిక్కచచ్చిపోయి, చెంగు ముడిలో అలాగే ఉన్న నోట్లు తీసి అక్క ఒళ్ళో పడేసింది.

వేళ్ళు నిజంగానే అరిగిపోయినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకు ముఖం కంటే ముందు కన్ను ఉంది. ఆధార్‌లో పది వేళ్ళతో పాటు రెండు కనుపాపలూ ఎక్కించే ఉన్నారు. కంటి రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది గానీ, నల్లగుడ్డులో నడిమి చుక్క చుట్టూ ఉండే పోగుల అల్లిక అలా రాదు. ఈ పద్ధతి కనిపెట్టిన జాన్ డాగ్‌మన్ ఒకే మనిషి కుడి కన్నునూ ఎడమ కన్నునూ పోల్చి చూశాడు. జన్యువులు ఒకటే అయినా ఆ రెండూ ముక్కూముఖం తెలియని ఇద్దరి కళ్ళంత వేరుగా ఉన్నాయి. కవలల కళ్ళూ అంతే. డీఎన్ఏ పరీక్ష అంటే అన్నీ తేలుస్తుందని మనవాళ్ళకు ఒక నమ్మకం. అన్నదమ్ములను విడదీస్తుంది, అచ్చు కవలల దగ్గర మాత్రం మామూలు డీఎన్ఏ పరీక్ష చేతులెత్తేస్తుంది. 2009లో బెర్లిన్‌లో ఒక పెద్ద దుకాణంలో నగలు పోతే, దొరికిన చేతితొడుగు మీది డీఎన్ఏ ఇద్దరు కవలలకూ సరిపోయి, ఎవరో తేలక ఇద్దర్నీ వదిలేశారు. దానికంటే మన పదో తరగతి సర్టిఫికెట్లో రాసే రెండు పుట్టుమచ్చలు నయం. ఒక కవలకున్న మచ్చ రెండోవాళ్ళకు అదే చోట ఉండాలని లేదు. చెల్లెలికి ఎడమ చెవి కింద మినపగింజంత మచ్చ ఉంది, అక్కకు లేదు. చీర కొంగు పక్కకు తీసి ఉంటే ఆ అబ్బాయికి ఏ ఫోనూ అక్కర్లేకపోయేది.

అందుకని నేను కోరేది పెద్దదేమీ కాదు. వేలు వరసగా పోలలేదని వచ్చినప్పుడు నేరుగా ముఖానికి పోకుండా ఇంకో వేలు, ఆ తర్వాత కన్ను చూడాలి. పంచేవాళ్ళకు కన్ను చూసే యంత్రం ఊరికొకటైనా ఇవ్వాలి. అప్పటికీ కుదరక ముఖమే దిక్కయితే, ఇంట్లో కవలలుగానీ అచ్చు ఒకే పోలికవాళ్ళుగానీ ఉన్నారా అని అడిగి, ఉంటే పుట్టుమచ్చ చూసి, పక్కింటివాళ్ళ చేత సంతకం పెట్టించాలి. జాబితాలో ఆ పేరు పక్కన ‘కవలలు’ అని ఒక గుర్తు ఉంటే, బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్ళకు కూడా తెలుస్తుంది. తగాదా వస్తే మాత్రం ‘ముఖం పడింది’ అని ఫైలు మూసేయకూడదు.

చెల్లెలి అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆమెకూ మంజూరైతే, ఆ వీధిలో ప్రతి ఒకటో తారీకునా ఒకే ముఖం రెండు పేర్ల మీద పడుతుంది.

ఇట్లు,
విశ్రాంత వేలిముద్రల నిపుణుడు,
ఒంగోలు