పరీక్ష అయ్యేదాకా రొట్టె మానకు

పర్లాకిమిడి

చిట్టీ,

రొట్టె మానేసి మూడు వారాలైంది, కడుపుబ్బరం తగ్గింది, వచ్చే వారం సీలియాక్ పరీక్ష, అదే గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు పరీక్ష, చేయించుకుంటానన్నావు. తగ్గడం మంచిదే గానీ, పరీక్ష మాత్రం ఇప్పుడే వద్దు.

మీ అమ్మ ల్యాబులో రక్తం తీసే మనిషి కాబట్టి చెబుతున్నాను. దానికి ముందు చేసే టీటీజీ ఐజీఏ రక్తపరీక్షలో చూసేది గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తుని కాదు, అది పడక నీ ఒళ్లు తన మీద తానే తయారుచేసుకున్న యాంటీబాడీలని. గోధుమ ఆగితే అవి మెల్లగా పడిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది. అప్పుడు జబ్బున్నా కాగితం మీద 'నెగెటివ్' అని రావచ్చు. ఐరన్ మాత్రలు ఇన్నాళ్లు వాడినా హిమోగ్లోబిన్ ఎందుకు పెరగలేదో మళ్లీ తెలియకుండా పోతుంది.

నీ సంగతిలో ఇంకో చిక్కుంది. వేసవి సెలవుల్లో ఇంట్లో తిన్నదేంటి? అన్నం, చద్దన్నం, చోడి అంబలి, మినపట్టు. తెలియకుండానే గోధుమ లేని తిండి! భువనేశ్వర్ హాస్టల్లో రాత్రి రొట్టెలు తిన్నాకే ఈ బాధ. మన అన్నం ఇళ్లలో పరీక్షకు ముందు ఏం తిన్నారో అడగడం అందుకే ముఖ్యం.

డాక్టరు గారితో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టు. పొద్దున ఒక రొట్టె, రాత్రి ఒకటి, కనీసం ఆరు వారాలు. ఒక్కో రొట్టెలో సుమారు రెండున్నర, మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. బాధ మరీ ఎక్కువైతే ఓర్చుకోకుండా ఆయనకి చెప్పు. డీక్యూ2, డీక్యూ8 జన్యుపరీక్షకు తిండితో పనిలేదు. అవి రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే, ఉన్నంత మాత్రాన జబ్బని కాదు.

టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ కూడా రాయమను. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ రకం యాంటీబాడీలు తక్కువ, వాళ్లకి ఈ పరీక్ష ఉత్తినే నెగెటివ్ వస్తుంది.

జబ్బని తేలితే వంటిల్లు నేను చూసుకుంటాను. అన్నం ఎలాగూ ఉంది, దొంగలు మాత్రం చిన్నచిన్నవి. డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. ఉప్మా నూక, సేమియా గోధుమవే, బియ్యం నూకతో చేస్తాను. నీకిష్టమైన ఛెనాపోడోలో చాలాచోట్ల సూజీ వేస్తారు, ఇంట్లో బియ్యప్పిండితో కాలుస్తాను. మిల్లులో గోధుమ ఆడించిన వెంటనే మన బియ్యం ఆడిస్తే ఆ పిండి పనికిరాదు, పూరీలు వేగిన నూనెలో అప్పడాలూ వేయించకూడదు. మీ నాన్నకి పూరీలు కావాలంటే వేరే మూకుడు.

రక్తం పాజిటివ్ వచ్చినా ఆ రోజే రొట్టె మానేయకు. ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి ముక్కలు తీసి చూడాలంటారేమో, అది అయ్యేదాకా తింటూనే ఉండాలి. రిపోర్టు రాగానే ఫోటో పంపు.

అమ్మ